నడుము బిగుతు: ఎమ్మారైకి ముందు నాప్రోక్సెన్ ఆపాలా?

రుమటాలజీ, రేడియాలజీ తెలిసినవారు దయచేసి చెప్పండి. 26 ఏళ్ల అబ్బాయికి 8 నెలలుగా నడుము నొప్పి, మెల్లగా మొదలైంది. పొద్దున గంటసేపు నడుము బిగుసుకుని ఉంటుంది, నడిస్తే సడలుతుంది, పడుకుంటే తగ్గదు. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది. బరువులెత్తితే పెరిగి విశ్రాంతితో తగ్గే మామూలు నడుము నొప్పి తీరు కాదిది. అయినా నడుము ఎమ్మారైలో కనిపించిన చిన్న డిస్క్ ఉబ్బే కారణమన్నారు. అది నొప్పి లేనివాళ్లలోనూ కనిపిస్తుంది కదా. సీఆర్పీ మామూలుగానే ఉంది, కానీ అంతమాత్రాన వాపు లేదనలేం. హెచ్‌ఎల్‌ఏ-బీ27 పాజిటివ్. నాప్రోక్సెన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో రెండు రోజుల్లోనే బాగా తగ్గింది.

ఇప్పుడు శాక్రోఇలియాక్ కీళ్లకు స్టిర్ సీక్వెన్స్‌తో ఎమ్మారై రాస్తున్నాం. మందు వాడుతుండగా తీస్తే ఎముక మజ్జలోని వాపు మరుగున పడుతుందా? ఆపాలంటే ఎన్ని రోజుల ముందు ఆపించాలి?