పదేపదే చెప్పకుండా మానేస్తున్న ఉద్యోగికి షోకాజ్ నోటీసు: ఈ డ్రాఫ్టు నిలుస్తుందా?

నమస్కారమండీ. రాయగడలో ఒక చిన్న ఫ్యాక్టరీలో ఆఫీసు పని చూస్తాను. ఒక ఆపరేటరు సెలవు చీటీ ఇవ్వకుండా తరచూ మానేస్తున్నాడు. మా సారు 'మీరు బాధ్యతారహితులు, ఎందుకు తీసేయకూడదో చెప్పండి' అని రాయమన్నారు. అలా రాస్తే ముందే తీర్పు చెప్పేసినట్టు కదా అని నేను ఇలా రాశాను:

"హాజరు రిజిస్టరు ప్రకారం మీరు మార్చి 4 నుంచి 7 వరకు, ఏప్రిల్ 15, 16, మే 2 నుంచి 6 వరకు (వారపు సెలవు మినహా) అనుమతి లేకుండా విధులకు రాలేదు. మే 7న పంపిన మెమోకు జవాబు ఇవ్వలేదు. ఇది స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దుష్ప్రవర్తన కిందికి వస్తుందని ఆరోపణ. చర్య ఎందుకు తీసుకోకూడదో 7 రోజుల్లో రాతపూర్వకంగా తెలపండి."

సందేహం ఏప్రిల్ దగ్గరే. అమ్మని ఆసుపత్రిలో చేర్చానని ఆ రోజు సూపర్‌వైజరుకి ఫోన్ చేశాడట. గైర్హాజరు కావాలని చేసిందని తేలితేనే దుష్ప్రవర్తన అని 2012లో కృష్ణకాంత్ పర్మార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి ఆ రెండు రోజులు తీసేయాలా, ఫోన్ సంగతి రాసి ఉంచాలా?

ఇంకొకటి, నిరుడు ఇచ్చిన హెచ్చరిక. శిక్ష వేసేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే అతనికి ముందే చెప్పాలి కదా. ఈ నోటీసులోనే విడి పేరాగా పెట్టనా? అతనికి ఒడియా తప్ప చదవడం రాదు, కాబట్టి ఒడియా ప్రతి కూడా జత చేస్తున్నాను. ఇలాంటివి రాసినవాళ్లు కాస్త చెప్పండి.