అప్‌డేట్: రౌటర్ పేజీ తెరుచుకుంది (తిరుపతి)

నా ప్రశ్న: "192.168.1.1 కొడితే పేజీ రావట్లేదు, లోపలికి ఎలా పోవాల?"

అడ్రసే వేరండీ. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కి కలిపి కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టినా:

```
ipconfig
```

Default Gateway ఎదురుగా 192.168.0.1 అని ఉంది. బ్రౌజర్‌లో దాని ముందు http:// పెడితే లాగిన్ పేజీ వచ్చింది.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉన్నాయి. అక్కడే వైఫై పాస్‌వర్డ్ కూడా ఉంటుంది. మొదట పొరపాటున ఆ వైఫై పాస్‌వర్డే కొట్టినా, అదీ తికమక!

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసుకుని, బయటికొచ్చి కొత్తదానితో మళ్లీ లాగిన్ అయి చూసుకున్నా. ఆ తర్వాతే LAN సెట్టింగుల్లో అడ్రస్‌ను 192.168.50.1 చేసినా. సేవ్ కొట్టగానే పేజీ బిగుసుకుపోయింది. చెడిపోలేదు, ల్యాప్‌టాప్ దగ్గర ఇంకా పాత ఐపీ ఉందంతే. కేబుల్ పీకి పెట్టి, కొత్త అడ్రస్ కొడితే తెరుచుకుంది. ఇక్కడ కంగారుపడి రీసెట్ గుండీ నొక్కారంటే ఇంటర్నెట్ వాళ్లిచ్చిన సెట్టింగులూ పోతాయి.