పందెం బాకీ తీర్చడానికి ఇచ్చిన అప్పు కోర్టులో నిలుస్తుందా?

అందరికీ నమస్కారం. నేను ఎల్‌ఎల్‌బీ మొదటి సంవత్సరం. కాంట్రాక్టు చట్టంలో ఒక సమస్య దగ్గర ఆగిపోయాను, కాస్త చూసి చెప్పండి.

గుంటూరులో ఒక మెకానిక్ సెల్ రిపేరు షాపులో చేరేటప్పుడు, మానేశాక రెండేళ్లు ఊళ్లో షాపు పెట్టనని సంతకం చేశాడు. ఇది సెక్షన్ 27 కింద చెల్లదని రాశాను. రెండేళ్లేగా, ఒక్క ఊరేగా అనే వాదన మన చట్టంలో పనికిరాదు. గుడ్‌విల్‌తో సహా వ్యాపారం అమ్మినప్పుడే ఆ మినహాయింపు, ఇక్కడ అమ్మకమే లేదు. ఇంతవరకు ధైర్యంగానే ఉన్నాను.

అసలు టెన్షన్ రెండో భాగంతో. అదే మెకానిక్ క్రికెట్ పందెంలో 50,000 ఓడిపోయాడు. ఆ బాకీ కట్టడానికి స్నేహితుడి దగ్గర ప్రామిసరీ నోటు రాసి అప్పు తీసుకున్నాడు, ఇప్పుడు ఇవ్వనంటున్నాడు. గెలిచినవాడు దావా వేస్తే, పందెం ఒప్పందాలు చెల్లవనే సెక్షన్ 30 అడ్డం వస్తుంది, సరే. కానీ స్నేహితుడు పందెం కాయలేదు కదా! ఘేరూలాల్ పరఖ్ కేసులో (1959) సుప్రీంకోర్టు పందెం చెల్లదే కానీ చట్టవిరుద్ధం కాదంది. అందుకే దానికి అనుబంధంగా చేసుకున్న ఒప్పందం నిలుస్తుంది.

మరి ఆంధ్రప్రదేశ్‌లో 1974 గేమింగ్ చట్టం ఉంది. ఆ పందెం దాని కింద నేరమైతే, చట్టవిరుద్ధమైన ఉద్దేశంతో చేసుకున్న ఒప్పందం చెల్లదనే సెక్షన్ 23 ప్రకారం అప్పు కూడా పోతుందా? ఓడిపోయాక ఇచ్చిన అప్పుకీ, పందెం కాయడానికని తెలిసి ముందే ఇచ్చినదానికీ తేడా ఉందా? మా సార్ ఉందన్నారు, కారణం చెప్పేలోపు బెల్ కొట్టేశారు.