వాన పడి ఆట మారిన రోజు ఆటిజం ఉన్న బాబుని ఎలా సిద్ధం చేయాలి?

అమలాపురం దగ్గర హైస్కూల్లో పీఈటీని. ఆరో తరగతిలో ఆటిజం ఉన్న బాబు ఉన్నాడు. పరుగు, వ్యాయామం, బంతి, నీళ్లు అని నాలుగు బొమ్మల కార్డులు వరుసగా గోడకు పెడతాను. అయిపోయిన కార్డుని వాడే తీసి డబ్బాలో వేస్తాడు. విజిల్ శబ్దానికి భయపడతాడని చెయ్యెత్తి సైగ చేస్తున్నాను. ఈ వరుస తప్పనంతవరకు హాయిగా ఆడతాడు.

చిక్కల్లా వానాకాలంలోనే. గ్రౌండ్‌లో నీళ్లు నిలిచి ఆట వరండాలోకి మారగానే చెవులు మూసుకుని కూర్చుండిపోతాడు. పక్కనే చాప వేసి ప్రశాంతమైన మూల ఒకటి ఏర్పాటు చేశాను. అది శిక్ష అనిపించకూడదని ఎవరైనా వెళ్లొచ్చని పిల్లలందరికీ చెప్పాను. వాడు అక్కడ కుదుటపడతాడు, కానీ ఇసుక గడియారం అయిపోయినా బయటికి రాడు.

ఈ రోజు ఆట మారుతుందని తెలిపే 'మార్పు' కార్డు ఉదయం ప్రార్థన వేళే చూపించాలా, పీరియడ్ ముందా? తిరిగి ఆటలోకి రావడానికి మొదట ఏ చిన్న పని ఇస్తే బాగుంటుంది? అనుభవమున్న టీచర్లు, తల్లిదండ్రులు దయచేసి చెప్పండి.