16 మీటర్ల షెడ్డుకు 31 రేకులు చాలవా?

కొత్తషెడ్డు: ఒకవైపు వాలు షెడ్డు. పొడవు 16 మీటర్లు, నేల మీద వెడల్పు 6, ఎత్తు తేడా 1.75. కింద చూరు 15 సెం.మీ. బయటికి రావాలి. రేకు 1.07 × 3.3. రాఫ్టర్లు 4 మీటర్లకొకటి. రేకులెన్ని, రాఫ్టర్ల మీద అడ్డంగా వేసి రేకులు బిగించే పర్లిన్ పైపు ఎంత?

లెక్కలరాజు: వాలు పొడవు 6.25, చూరుతో 6.4. వైశాల్యం 102.4 చ.మీ., ఒక రేకు 3.53. అంటే 29. వేస్టేజీ 5 శాతం వేస్తే 31. దీనికి చర్చ దేనికి?

పాతమేస్త్రీ: వైశాల్యం వదిలేసి వరసలు లెక్కపెట్టండి రాజుగారూ. పక్క ఓవర్‌ల్యాప్ 7 సెం.మీ. పోతే ఒక రేకు కప్పేది 1 మీటరే. 15 వేస్తే 15.07 దగ్గర ఆగిపోతాయి, 93 సెం.మీ. బోసిగా ఉంటుంది. అందుకే 16 వరసలు. నిలువున వాలు 6.25, చూరు 0.15, ఓవర్‌ల్యాప్ 0.15 కలిపితే 6.55. రెండు రేకులు 6.6 వస్తాయి, సరిపోతుంది. మొత్తం 32.

వానచుక్క: మా షెడ్డుకు రేకు ఆదా చేద్దామని పక్క ఓవర్‌ల్యాప్ సగం కాలువకే కలిపేశారు. గాలివాన వస్తే ఆ గీత పొడుగునా కారుతోంది. సీలెంట్ పూస్తే ఆగుతుందా?

పాతమేస్త్రీ: కొన్నాళ్లు ఆగుతుంది, అంతే.

లెక్కలరాజు: 31కి 32కి ఒక్క రేకు తేడా, దానికింత రాద్ధాంతమా! పర్లిన్‌కైనా నా లెక్క ఒప్పుకోండి. 7 వరసలు, 112 మీటర్లు. 6 మీటర్ల పైపులు 19.

పాతమేస్త్రీ: 7 వరసలు ఒప్పే. కానీ 6 మీటర్ల పైపు మొదటి అతుకు రెండు రాఫ్టర్ల నట్టనడుమ పడుతుంది, ఎక్కువ వంగేది అక్కడే. 8 మీటర్లవి దొరికితే 14 చాలు, అతుకు మధ్య రాఫ్టర్ మీదే కూర్చుంటుంది. ఇంకోటి, వరసలన్నీ సమంగా 1.04కు పెట్టొద్దు. కింది రేకు పై అంచు చూరు పర్లిన్ నుంచి 3.15 దగ్గర ముగుస్తుంది. సమంగా పెడితే నాలుగో పర్లిన్ 3.125కు వస్తుంది, స్క్రూ అంచుకు 2.5 సెం.మీ. లోనే పడి రేకు చిరుగుతుంది. కింద మూడు సందులు 1.025, పైన మూడు 1.058 పెడితే ఓవర్‌ల్యాప్ నడిమికి వస్తుంది.

పైపులపని: బాగా వెల్డింగ్ చేస్తే నడుమ అతుకూ నిలుస్తుంది. ఎన్నో చూశాను.

లెక్కలరాజు: మీకేం, చెప్పేస్తారు. ఎక్కువ తెప్పిస్తే మిగిలిన రేకులు చూపించి నా బిల్లులో కోసేది ఓనరు. పోయినసారి అలాగే కోశారు. అందుకే నేను తక్కువే రాస్తాను.

పాతమేస్త్రీ: అదీ అసలు సంగతి! అయితే వరసల బొమ్మ గీసి, కొనకముందే ఓనరుతో సంతకం పెట్టించుకోండి. 32లో మిగిలేది నిలువున 5 సెం.మీ., పక్కన 7. కోసేందుకు ఏముంది?

కొత్తషెడ్డు: 8 మీటర్ల పైపు ఇక్కడ దొరకట్లేదు. 6 మీటర్లదే వాడి, అతుకు లోపల ఇంకో ముక్క దూర్చి వెల్డ్ చేస్తే?

పైపులపని: చేయొచ్చు.

పాతమేస్త్రీ: పైపు సైజు, మందం చెప్పండి ముందు.