‘మరణం ప్రకృతిః...’ తర్వాతి ముక్కేమిటి? పనిలో పనిగా ఈ సంతాప సందేశం కూడా చూడండి

రెండో బెంచీ: ఒక శ్లోకం పొద్దుటి నుంచి నోట్లో నానుతోంది గానీ పూర్తిగా తగలడం లేదు. ‘మరణం ప్రకృతిః ప్రాణినాం, వికృతి... జీవితం...’ అని ఏదో. ప్రాణినాం అనా, శరీరిణాం అనా? నా టీమ్‌లో నాతో సమానంగా పనిచేసే స్నేహితుడి అమ్మగారు పోయారు. తనకి పంపే మెసేజ్ చివర ఈ శ్లోకం పెడదామని. డ్రాఫ్ట్ ఇది, చూసి చెప్పండి:

“మీ మాతృమూర్తి ఆకస్మిక మరణవార్త విని తీవ్ర దిగ్భ్రాంతికి గురయ్యాను. ఈ తీరని లోటును తట్టుకునే మనోధైర్యాన్ని భగవంతుడు మీకు ప్రసాదించాలని కోరుకుంటూ నా ప్రగాఢ సానుభూతిని తెలియజేస్తున్నాను. వారి పవిత్ర ఆత్మకు శాంతి చేకూరుగాక. మీకు ఏ సహాయం కావాలన్నా ఏ సమయంలోనైనా అడగండి.”

గణయతి: శరీరిణాం. సందేహమే లేదు. రఘువంశం ఎనిమిదో సర్గ, వియోగిని వృత్తం, బేసి పాదానికి పది అక్షరాలు. మీ ‘ప్రాణినాం’ పెడితే తొమ్మిదికి పడిపోతుంది. ‘మరణం ప్రకృతిః శరీరిణాం వికృతిర్జీవితముచ్యతే బుధైః’.

అరసున్న: శ్లోకం సంగతి సరే, ముందు ఆ ‘సానుభూతి’ సరిచెయ్యండి. సహానుభూతి అనాలి. ‘హ’ని మింగేసి రాయడం పత్రికల వాళ్ళు నేర్పిన బద్ధకం.

తాళపత్రం: బద్ధకమేమీ కాదండీ. స ప్లస్ అనుభూతి, సవర్ణదీర్ఘం. సపరివారం, సకుటుంబం అనడం లేదూ? రెండూ ఉన్నాయి, తెలుగులో సానుభూతి స్థిరపడింది. దాని చిక్కు వ్యుత్పత్తిలో లేదు, వాడుకలో ఉంది. సానుభూతి ఓట్లు, సానుభూతి పవనాలు అని విని విని ఆ మాటలో జాలి వాసన చేరింది. పైగా సంతాప సందేశాల్లో ‘ప్రగాఢ’ ముందు లేకుండా అది దాదాపు కనిపించదు. రెండూ కలిసి ఒక ముద్రలా పడతాయి.

గణయతి: వికృతి దగ్గర ఎవరూ ఆగరేం? బళ్ళో చదివిన ప్రకృతి–వికృతులు గుర్తు తెచ్చుకోండి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. అంటే కాళిదాసు చెప్పేది: మరణం మూలపదం, బతుకు దాన్నుంచి పుట్టిన తద్భవం! ఇంతకంటే అందమైన భాష్యం ఎవరైనా చెప్పగలరా?

తాళపత్రం: అందంగానే ఉంది, అయితే ఆ బళ్ళో పాఠం మన వ్యాకరణాలది. అక్కడ శ్లోకంలో ప్రకృతి అంటే సహజస్థితి, వికృతి అంటే దాన్నుంచి పక్కకి జరగడం. ‘ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నా ఆ ప్రాణికి లాభమే’ అని తర్వాతి సగం. అసలు ఇబ్బంది ఇంకోటి. తెలుగు చదివేవాడి కంటికి ‘వికృతి జీవితం’ అనగానే వికృతమైన బతుకు అనే తడుతుంది. తల్లి పోయిన మనిషి ఫోన్లో ఆ మాట చదివి, అర్థం కోసం తడుముకోవాలా?

రెండో బెంచీ: అర్థం కింద రాసిస్తే?

మావిడి పిందె: టీకా తాత్పర్యాలతో సంతాపమా! మాష్టారూ, మా నాన్న పోయినప్పుడు నాకు వచ్చిన మెసేజ్‌లలో సగం గీత శ్లోకాలు, తక్కిన సగం ‘ధైర్యంగా ఉండు’. నేను వాటికి వరసగా ‘థాంక్యూ అండీ’ అని కొడుతూ కూచున్నాను, అదో డ్యూటీ అయిపోయింది. పక్క సీటావిడ ఒక్కతే ‘నీ పెండింగ్ ఫైళ్ళు నా దగ్గరికి మార్పించుకున్నాను. దీనికి జవాబివ్వకు’ అని పెట్టింది. నిజంగానే ఇవ్వలేదు. ఆ పూట హాయిగా ఏడ్చాను.

పంచపాది: సంతాప సభలో చదవడానికైతే నా దగ్గర సీసపద్యం సిద్ధంగా ఉంది. పోయినవారి పేరు, బిరుదులు పంపితే ఎత్తుగీతిలో ఇమిడ్చి రాత్రికల్లా ఇస్తాను.

మావిడి పిందె: సభ కాదండీ, ఫోన్ మెసేజ్.

పంచపాది: ఓ, అలాగా. అయితే ఆటవెలది చాలు.

తాళపత్రం: రెండో బెంచీ గారూ, ఆ శ్లోకం ఎవరు ఎవరికి చెప్పారో గుర్తుందా? భార్య ఇందుమతి పోయాక అజ మహారాజు కుమిలిపోతుంటే, యాగదీక్షలో ఉండి రాలేక వసిష్ఠుడు శిష్యుడి చేత పంపిన కబురది. అంటే మన సాహిత్యంలో అదీ ఒక సంతాప సందేశమే. దాని గతేమయింది? అజుడు మర్యాదగా ‘అలాగే’ అని శిష్యుణ్ణి సాగనంపాడు. ఆ మాట మాత్రం ‘అలబ్ధపదం హృది శోకఘనే’, దుఃఖంతో నిండిన గుండెలో కాలు మోపే చోటు దొరక్క, గురువు దగ్గరికే వెనక్కి పోయినట్టయిందట. ఆ తర్వాత అతను ఎనిమిదేళ్ళు ఎలాగో బతికాడు, అదీ కొడుకు చిన్నవాడని. మీరు పెడదామనుకుంటున్నది పనిచేయలేదని కవే చెప్పిన ఓదార్పు.

గణయతి: అక్కడే అసలు చమత్కారం! ఆ శ్లోకానికి వచ్చేసరికి వియోగిని ఆగిపోయి తోటకం మొదలవుతుంది. నాలుగు స-గణాలు. త-ద-ల, బ్ధ-ప-దం, హృ-ది-శో, క-ఘ-నే. మాట వెనక్కి నడిచిపోతున్న అడుగుల చప్పుడు అందులో వినిపించాలని కవి వృత్తం మార్చాడని నా అభిప్రాయం.

తాళపత్రం: సర్గ చివర వృత్తం మార్చడం మహాకావ్యాలన్నిటా ఉన్నదేనండీ. అడుగుల చప్పుడు మీ చెవిది.

గణయతి: చెవి లేనివాళ్ళకి ఛందస్సు ఎందుకు?

అరసున్న: శోకఘనే అంటే శోకమనే మేఘం అనుకోవచ్చుగా? ఘనం అంటే మబ్బే కదా. గుండె మబ్బు పట్టింది, మాట లోపలికి పోలేదు.

తాళపత్రం: ‘చోటు దొరకలేదు’ అన్నాక చిక్కగా నిండిపోయిందనే అర్థం సరిగ్గా అతుకుతుంది. మబ్బులో చోటుకేం కరువు? సరే, సందేశానికి రండి. రెండో బెంచీ గారూ, ఒక్కో మాట దగ్గర ‘ఇది నిజమా?’ అని అడుగుతాను. ఆకస్మిక మరణమేనా?

రెండో బెంచీ: కాదు. చాలాకాలంగా మంచం మీదే ఉన్నారు. టీమ్‌లో అందరికీ తెలుసు.

తాళపత్రం: అయితే ‘ఆకస్మిక’ పోయింది, దాంతోపాటు దిగ్భ్రాంతీ పోయింది. అన్నాళ్ళు పక్కనుండి చూసుకున్న కొడుకు ఆ మాట చదివితే, మీకు ఆ సంగతే గుర్తులేదనుకుంటాడు. ‘తీరని లోటు’ ప్రముఖులు పోతే ఆ రంగానికి అంటాం. ఇక్కడ లోటు ఎవరిదో అతనికి మీరు చెప్పాలా? రోజూ మాట్లాడుకునేటప్పుడు ‘మీరు’ అంటారా?

రెండో బెంచీ: లేదు, ‘నువ్వు’ అనే. సందర్భం పెద్దది కదా అని ‘మీరు’ పెట్టాను.

మావిడి పిందె: అదే దెబ్బ కొట్టేది. నిన్నటిదాకా నువ్వన్నవాడు ఇవాళ మీరంటే, చావు మనిషిని దూరం నెట్టినట్టుంటుంది.

కొసమెరుపు: ఒప్పుకోను. మీరు అనడంలో గౌరవం ఉంది. మా పై అధికారికి నేను అలాగే రాశాను, ఆయన చాలా సంతోషించారు కూడా.

మావిడి పిందె: పై అధికారిని రోజూ మీరనే అంటారుగా!

తాళపత్రం: ఆవిడ గురించి మీకు సొంతంగా తెలిసినది ఏమైనా ఉందా? ఒక్కటి చాలు. లేకపోతే వద్దు, కల్పించకండి.

రెండో బెంచీ: ఒక రాత్రి తన ఫోన్‌కి చేస్తే అమ్మగారు ఎత్తారు. ‘వాడు స్నానానికెళ్ళాడు బాబూ, నువ్వు కూడా ఇంకా ఆఫీసులోనే ఉన్నావా’ అని అడిగారు. అంతే.

మావిడి పిందె: అది పెట్టండి. ఇంక దాని మీద వ్యాఖ్యానం చెయ్యకండి. ‘ఎంత గొప్ప మనసు’ లాంటివి చేర్చారంటే మళ్ళీ పత్రికలోకి పోతుంది.

రెండో బెంచీ: ఇప్పుడు చూడండి:

“అమ్మ పోయారని పొద్దున తెలిసింది. చాలా బాధగా ఉంది. ఒకసారి నీ ఫోన్ ఆవిడ ఎత్తి, ‘నువ్వు కూడా ఇంకా ఆఫీసులోనే ఉన్నావా’ అని నన్నడిగారు. ఆ గొంతు గుర్తుంది. శుక్రవారం ఇవ్వాల్సిన రిపోర్టు నేను చూసుకుంటాను. దీనికి జవాబివ్వక్కర్లేదు.”

తాళపత్రం: బాగుంది. ‘బాధపడ్డాను’ అనకుండా ‘బాధగా ఉంది’ అనడం మంచిదయింది, మీరు వాక్యం మధ్యలో వచ్చి కూచోలేదు. ‘ఏ సహాయం కావాలన్నా అడగండి’ తీసేయడం ఇంకా మంచిది. అడిగే పని అతని నెత్తినే పెట్టే మాట అది. ‘పెద్దావిడే కదా’, ‘బాధ నుంచి విముక్తి’ లాంటివి అతను అంటే వినండి, మీరు మొదలుపెట్టొద్దు. పంపేది కూడా అతని ఒక్కడికే, టీమ్ గ్రూపులో కాదు.

అరసున్న: ‘చూసుకుంటాను’ తప్పు. ‘చూసుకుంటున్నాను’ అనాలి.

కొసమెరుపు: ఒక్క ‘న్నా’ కోసం ఇంత గొడవా?

అరసున్న: ఆ ‘న్నా’లోనే ఉంది మొత్తం. చూసుకుంటాను అంటే మాటిచ్చినట్టు. అతను ‘వద్దులే, నేనే చేస్తా’ అనడానికి సందు ఉంటుంది. చూసుకుంటున్నాను అంటే పని అప్పుడే మీ చేతిలో ఉంది, అతను ఒప్పుకోవాల్సినదీ కాదనాల్సినదీ లేదు.

తాళపత్రం: ఇంతసేపటికి మీ మాట నచ్చింది. అయితే అది నిజం కావాలి. రిపోర్టు ఇంకా తెరవకుండానే ‘చూసుకుంటున్నాను’ అంటే, ఆకస్మికానికి పట్టిన గతే దీనికీ పడుతుంది.

మావిడి పిందె: నాకు ‘చూసుకుంటాను’లోనే మెత్తదనం ఉంది. రెండోది కొంచెం పెత్తనంలా వినిపిస్తోంది. తన పని తనకి చెప్పకుండా లాక్కున్నట్టు.

అరసున్న: మీ పక్క సీటావిడ ‘మార్పించుకున్నాను’ అందిగా! అది ఏకంగా భూతకాలం.

మావిడి పిందె: ఆవిడ వేరు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద.

పంచపాది: ‘పోయారు’ మరీ పచ్చిగా లేదూ? పరమపదించారు, కాలధర్మం చెందారు, ఎన్ని లేవు!

రెండో బెంచీ: తనే నాకు ‘అమ్మ పోయింది’ అని పెట్టాడండీ. తను వాడిన మాటే ఉంచాను. రిపోర్టు ఫైల్ ఇప్పుడే తెరిచాను, సగం తనే నింపి ఉంచాడు. ‘చూసుకుంటున్నాను’ అనే పెట్టి పంపేస్తున్నాను.

మావిడి పిందె: మీ ఇష్టం. నేనైతే ‘చూసుకుంటాను’ దగ్గరే ఆగేదాన్ని.

గణయతి: ఇందాకటి తోటకం సంగతి మధ్యలో వదిలేశారు. కుమారసంభవంలో రతీవిలాపం కూడా వియోగినిలోనే నడిచింది కదా, అక్కడ సర్గ చివర ఏ వృత్తంలోకి మారిందో ఎవరైనా తీసి చూడండి. అక్కడా ఇలాగే ఓదార్పు దగ్గరే మారి ఉంటే, తాళపత్రం గారు నా చెవికి క్షమాపణ చెప్పుకోవాలి.