హీమోగ్లోబిన్ ఎస్ కర్వ్: ఒక్కొక్కటిగా మారుతుందా, మొత్తం ఒకేసారి మారుతుందా?

బయోకెమ్ ఫైనలియర్: మొదటి ఆక్సిజన్ అంటుకోగానే పక్క సబ్‌యూనిట్ మారి, రెండోది తేలిగ్గా అంటుకుంటుందని మా లెక్చరర్ చెప్పారు. అలా ఒక్కొక్కటిగా మారదు, అణువు మొత్తం ఒకేసారి మారుతుందని మా సీనియర్ అంటున్నాడు. ఆక్సిజన్ ఒత్తిడి పెరిగేకొద్దీ హీమోగ్లోబిన్ ఎంత నిండుతుందో చూపే గ్రాఫ్‌కి ఎస్ ఆకారం రావడానికి అసలు కారణం ఏది?

నల్గొండ జువాలజీ: ఇందులో ఇంత గొడవ అక్కర్లేదు తమ్ముడూ. కండరాల్లో ఉండే మయోగ్లోబిన్‌కి ఆక్సిజన్ పట్టే సీటు ఒకటే, అందుకే మామూలు వంపు. హీమోగ్లోబిన్‌కి నాలుగు సీట్లు, అందుకే ఎస్. ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి ఇదే చెబుతున్నాను.

కాకినాడ కెమిస్ట్: సార్, నాలుగు సీట్లు ఉండాలన్నది నిజమే కానీ అవి ఉన్నంత మాత్రాన ఎస్ రాదు. ఆ నాలుగూ ఒకదాని సంగతి ఒకదానికి పట్టకుండా ఉన్నాయనుకోండి. ప్రతి సీటూ ఆక్సిజన్ ఒత్తిడి 27 మి.మీ. పాదరసం దగ్గర సగం నిండుతుంది, 100 మి.మీ. దగ్గర 79 శాతం, 20 దగ్గర 43 శాతం. నాలుగు సీట్లు కలిపి గీసినా ఇవే శాతాలు, ఇదే వంపు. వెయ్యి మయోగ్లోబిన్లను ఒక దారానికి గుచ్చినా గ్రాఫ్ మారదు.

ఊపిరితిత్తుల్లో 100, బాగా పనిచేస్తున్న కండరంలో 20 అనుకుంటే, అలాంటి హీమోగ్లోబిన్ దింపేది 36 శాతమే. మన ఒంట్లో ఉన్నది అదే ఒత్తిళ్ల మధ్య 65 శాతానికి పైగా దింపుతుంది. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు ప్రశ్న.

నల్గొండ జువాలజీ: సరే, ఒప్పుకున్నాను. అలాగైతే రెండు రకాలు ఉంటాయనుకుందాం. గట్టిగా పట్టుకునే ఆర్ రూపం, వదులుగా పట్టుకునే టీ రూపం. రెండూ రక్తంలో కలిసి ఉంటాయి కాబట్టి కింద వదులుగా, పైన గట్టిగా కనిపిస్తుంది. ఎస్ వచ్చేసినట్టేగా?

కాకినాడ కెమిస్ట్: సార్, చాలామంది పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఎమ్మెస్సీలో నేనూ ఇలాగే అనుకున్నాను, కాగితం మీద లెక్క వేశాకే తెలిసింది.

సగం సీట్లు ఎప్పుడూ గట్టివి, 2.7 మి.మీ. దగ్గరే సగం నిండేవి. మిగతా సగం ఎప్పుడూ వదులువి, 270 దగ్గర గానీ సగం నిండనివి. ఇప్పుడు 100 మి.మీ. దగ్గర గట్టివి 97 శాతం, వదులువి 27 శాతం నిండుతాయి. సగటు 62. మరి 20 దగ్గర గట్టివి 88, వదులువి 7. సగటు 47. అంటే దింపింది 15 శాతమే! సీట్ల మధ్య ఏ సహకారమూ లేని మయోగ్లోబిన్ వంపు కన్నా ఇది ఇంకా చదునైపోయింది. గట్టివి ముందే నిండిపోతాయి, వదులువి చివరిదాకా ఆగుతాయి. ఎస్‌కి సరిగ్గా వ్యతిరేకం.

రెండు రూపాలు ఉండటం కాదు, వాటి మధ్య తూకాన్ని ఆక్సిజనే మార్చడం వల్ల ఎస్ వస్తుంది. ఫైనలియర్ బాబూ, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మనిషి హీమోగ్లోబిన్‌కి దగ్గరగా ఉండేలా సులువైన అంకెలు తీసుకుంటాను. ఆక్సిజన్ లేనప్పుడు ఆర్ రూపంలో ఒక్క అణువుంటే, టీలో 10,000 ఉన్నాయి. టీ కన్నా ఆర్ వంద రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. కాబట్టి అంటుకున్న ప్రతి ఆక్సిజనూ ఆ నిష్పత్తిని వందో వంతుకి దించుతుంది. ఒకటి అంటితే 10,000 కాస్తా 100 అవుతుంది. రెండు అంటితే ఒకటికి ఒకటి. మూడు అంటేసరికి ఆర్ వైపే వంద, టీ వైపు ఒకటి. నాలుగోది వచ్చేటప్పటికి సీటు దాదాపు ఖాయంగా గట్టి రూపంలోనే ఉంటుంది.

ఈ లెక్కతో గీస్తే 27 దగ్గర సగం, 100 దగ్గర 96 శాతం, 20 దగ్గర 29 శాతం వస్తాయి. సహకారం ఎంతుందో చెప్పే హిల్ కోఎఫిషియంట్ 3.0, సహకారం లేకపోతే అది 1. ప్రయోగాల్లో వచ్చేది 2.8 దరిదాపుల్లోనే. మోనో, వైమన్, షాంజూ 1965లో చెప్పింది సారాంశంలో ఇదే. ఇందులో పక్క సబ్‌యూనిట్‌కి ఎవరూ కబురు పంపడం లేదు. అణువు ఏ క్షణంలోనైనా పూర్తిగా టీ, లేదా పూర్తిగా ఆర్. "రెండోది తేలిగ్గా అంటుకుంటుంది" అని మీ లెక్చరర్ చెప్పినది సగటు మీద కనిపించే ఫలితం. మీ సీనియర్ చెప్పింది దాని వెనకున్న కారణం.

ప్రోటీన్ పిచ్చి: కాకినాడ మేడమ్, లెక్కలు బాగున్నాయి. కానీ తీర్పు అప్పుడే ఇచ్చేయకండి. కోష్లాండ్, నెమెథీ, ఫిల్మర్ 1966లో ఒక్కొక్క సబ్‌యూనిట్ మారే మోడల్ ఇచ్చారు. దానితో కూడా ఇదే ఎస్ గీయొచ్చు. కర్వ్ చూసి ఏ మోడల్ నిజమో చెప్పడం కుదరదు.

పైగా మీ మోడల్‌లో అంటుకునే అణువు తూకాన్ని గట్టి వైపుకే లాగగలదు, వదులు వైపుకి లాగలేదు. నేను పనిచేసేది గ్లిసరాల్డిహైడ్-3-ఫాస్ఫేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ మీద. దాని పనికి తోడ్పడే ఎన్ఏడీ అణువు ఒకటి అంటుకుంటే తర్వాతది కష్టమవుతుంది. సహకారం కాదు, అడ్డుపడటం. ఈ పోకడ కోష్లాండ్ మోడల్‌లో సహజంగా ఇముడుతుంది, మోనో మోడల్‌లో ఇమడదు.

కాకినాడ కెమిస్ట్: మీ ఎంజైమ్ విషయంలో మీతో వాదించను. కర్వ్ ఒక్కటే చాలదన్నదీ నిజం. అందుకే హీమోగ్లోబిన్ విషయంలో నేను కర్వ్ కన్నా స్ఫటికాలనే ఎక్కువ నమ్ముతాను.

1938లో హారోవిట్జ్ ఆక్సిజన్ లేని హీమోగ్లోబిన్ స్ఫటికాలను మైక్రోస్కోప్ కింద చూస్తున్నాడు. ఊదారంగులో ఆరు మూలల పలకలు. కవర్ స్లిప్ అంచు నుంచి గాలి లోపలికి జొరబడుతుంటే ఆ పలకలు కరిగిపోయి, వాటి చోట ఎర్రటి సూదుల్లాంటివి పెరిగాయి. ఆక్సిజన్ అంటుకుంటే అణువు ఆకారమే మారిపోతుందని కంటికి కనిపించింది అక్కడే.

ఇక 1991లో ఇటలీ, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి దీనికి ఎదురు ప్రయోగం చేశారు. మోట్సరెల్లి, ఈటన్ వాళ్లది. ఆక్సిజన్ పట్టినా పగలని టీ రూపం స్ఫటికాలను పాలీఎథిలీన్ గ్లైకాల్‌లో పెంచారు. స్ఫటికంలో ఇరుక్కున్న అణువు ఆర్‌లోకి తిరగలేదు. ఇప్పుడు ఆక్సిజన్ ఒత్తిడి పెంచుతూ పోతే ఏమవ్వాలి? పక్క సబ్‌యూనిట్‌కి కబురు వెళ్తున్నట్టయితే ఇక్కడ కూడా కొంతైనా ఎస్ కనిపించాలి. కనిపించలేదు. హిల్ కోఎఫిషియంట్ విలువ 1 వచ్చింది. మొత్తం అణువు తిరగకుండా ఆపేస్తే సహకారం కూడా ఆగిపోయింది.

మెహదీపట్నం వాసి: మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ ఆక్సిజన్ శాతం గురించే నాదీ ఒక ప్రశ్న. పోయిన చలికాలం మా తమ్ముడు కిటికీ లేని బాత్‌రూంలో గ్యాస్ గీజర్ వేసుకుని పడిపోయాడు. క్లినిక్‌లో వేలికి పెట్టిన మెషీన్‌లో SpO2 98 చూపించింది. ఆక్సిజన్ బాగానే ఉంది, నీరసం అయ్యుంటుంది అన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రక్తం తీసి కార్బన్ మోనాక్సైడ్ ఎక్కింది అని చెప్పారు. 98 ఉంటే మనిషి ఎలా పడిపోతాడు?

కాకినాడ కెమిస్ట్: మధ్యలోకి రాలేదండీ, మీరు అసలు విషయంలోకే వచ్చారు. తమ్ముడు కోలుకున్నాడని అనుకుంటున్నాను. వేలికి పెట్టే మామూలు మెషీన్ రెండు రంగుల వెలుతురుతోనే కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ దానికి ఆక్సిజన్ పట్టినదానిలాగే కనిపిస్తుంది. అందుకే 98. రక్తం తీసి కో-ఆక్సిమీటర్‌లో చూస్తేనే బయటపడుతుంది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. రక్తహీనతతో హీమోగ్లోబిన్ సగానికి పడిపోయినవాళ్లు ఆయాసపడుతూనైనా నడుస్తారు. హీమోగ్లోబిన్‌లో సగాన్ని కార్బన్ మోనాక్సైడ్ ఆక్రమిస్తే మనిషి స్పృహ తప్పుతాడు. పోయింది సగమే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? ఒక అణువులో రెండు సీట్లు ఆ వాయువు పట్టుకుందనుకోండి. నేను పైన వేసిన లెక్కలో ఆ అణువు 10,000 దగ్గర కాదు, ఒకటికి ఒకటి దగ్గర మొదలవుతుంది. మిగిలిన రెండు సీట్లకి ఎస్ దాదాపు పోతుంది. 20 మి.మీ. దగ్గర మామూలుగా 29 శాతమే మిగలాల్సింది, ఆ సీట్లలో 87 శాతం అలాగే ఉండిపోతుంది. ఒంట్లో అన్ని అణువులకీ సరిగ్గా రెండే పడతాయని కాదు, సగటు ఎటు లాగుతుందో చూడటానికి ఈ లెక్క. ఎక్కిన ఆక్సిజన్ కూడా దిగదు.

మెహదీపట్నం వాసి: కోలుకున్నాడండీ. గీజర్ బయట గోడకి పెట్టించాం.

ప్రోటీన్ పిచ్చి: స్ఫటికం ప్రయోగం బలమైనదే. కానీ నాకు ఒక సందేహం తీరలేదు. స్ఫటికం అణువు మొత్తం తిరగడాన్నే ఆపిందా, సబ్‌యూనిట్ లోపల జరగాల్సిన చిన్న కదలికల్ని కూడా ఆపేసిందా? ఇనుము హీమ్ తలంలోకి జరగడం, దానితో ఎఫ్ హెలిక్స్ లాగబడటం, ఉప్పు వంతెనలు తెగడం ఇవన్నీ తేలిగ్గా తోసిపుచ్చే విషయాలు కావు. పైగా ద్రావణంలో పీహెచ్ తగ్గితే ఆక్సిజన్ పట్టు కూడా తగ్గుతుంది. ఆ టీ స్ఫటికాల్లో ఆ ప్రభావం కనిపించలేదు. అంటే ద్రావణంలో ఉన్నదేదో స్ఫటికంలో లేదు.

కాకినాడ కెమిస్ట్: మీరు అన్నదాంట్లో కొంత ఒప్పుకోవాల్సిందే. తర్వాత తడి సిలికా జెల్‌లో బంధించి చూసినా టీ రూపం సహకారం లేకుండానే పట్టింది. స్ఫటికం అన్న అభ్యంతరానికి అది చాలావరకు జవాబు. కానీ ఆర్ రూపం పట్టు కూడా ఎర్ర రక్తకణాల్లో ఉండే బీపీజీ లాంటి అణువుల వల్ల మారుతుందని 2000 తర్వాత యోనెటాని వాళ్లు చూపించారు. టీకి ఒకటి, ఆర్‌కి ఒకటి అన్న రెండు స్థిరమైన అంకెలతో అంతా సరిపోదు. ఈటన్ వాళ్లే 2002లో ప్రతి సబ్‌యూనిట్‌కీ తనదైన రెండు రూపాలుంటాయని తమ మోడల్‌ని విస్తరించారు. అంటే కోష్లాండ్ ఆలోచనలో కొంత పక్క గుమ్మంలోంచి లోపలికి వచ్చినట్టే.

బయోకెమ్ ఫైనలియర్: మేడమ్, మీ అంకెలతో 27 మి.మీ. దగ్గర ఒక్కొక్క అణువులో ఎన్ని ఆక్సిజన్లు ఉంటాయో లెక్క వేశాను. ఏమీ లేనివి 34 శాతం, ఒకటి ఉన్నవి 14, రెండు ఉన్నవి 4, మూడు 14, నాలుగూ నిండినవి 34. సగం నిండడం అంటే ప్రతి అణువులో రెండేసి ఉంటాయని ఇన్నాళ్లూ అనుకున్నాను! సరిగ్గా రెండున్నవి నూటికి నాలుగే.

కాకినాడ కెమిస్ట్: లెక్క సరైనదే బాబూ. అందుకే మధ్య దశల్ని పట్టుకుని కొలవడం అంత కష్టం. ఈ వాదన ఇన్నేళ్లు సాగడానికి పెద్ద కారణం అదే.

ప్రోటీన్ పిచ్చి: కోష్లాండ్ మోడల్‌లో కూడా రెండున్నవి తక్కువే వస్తాయి తమ్ముడూ, వేసి చూడు. తేడా తేలాలంటే ఆ నాలుగు శాతం లోపల ఏమవుతుందో చూడాలి.

నల్గొండ జువాలజీ: సోమవారం మా పిల్లలకి ఆ 62, 47 లెక్క బోర్డు మీద వేయిస్తాను. టీచర్‌గా నేనే తప్పు చెప్పాను కాబట్టి నేనే సరిచేయాలి. ఒక్కటే అడుగుతున్నాను: పదకొండో తరగతి పిల్లలకి "మొదటిది రెండోదానికి దారి తీస్తుంది" అని చెప్పడం పూర్తిగా మానేయాలా?

కాకినాడ కెమిస్ట్: మానక్కర్లేదు సార్. "సగటున" అన్న మాట చేర్చండి.

ప్రోటీన్ పిచ్చి: నేనైతే ఆ మాట లేకుండానే చెబుతాను సార్. హీమోగ్లోబిన్ ఒక్కటే ప్రోటీన్ కాదు కదా.